సాంచాలు నడుస్తున్నయా?

మగ్గం మీది నుంచి అప్పుడే దిగిన కాటన్ బట్టకు ఒక వాసన ఉంటుంది. పడుగుకు పట్టించిన గంజి, మిషన్ నూనె, ఇంత నూలు దుమ్ము కలిసిన వాసన. చిన్నప్పుడు బాపు వెంట సిరిసిల్ల షెడ్డుకు పోయినప్పుడల్లా ఆ వాసన గుప్పుమనేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది బట్ట కాదు, 2011 దసరా ముందటి రోజులు.

మాది లంగాల వ్యాపారం. సిరిసిల్ల నుంచి కాటన్ లంగా బట్ట తెప్పిస్తాం. కోరుట్లలో ఇండ్ల దగ్గర కుట్టే ఆడవాళ్లకు కత్తిరించి ఇస్తాం. కుట్టినవి జగిత్యాల, మెట్‌పల్లి దుకాణాలకు వేస్తాం. బట్ట ఇచ్చేది బి.వై. నగర్‌లో ఒక చిన్న ఆసామి. ఎనిమిది సాంచాలు. మరమగ్గాన్ని సిరిసిల్లలో ఎవరూ మగ్గం అనరు, సాంచా అనే అంటారు. మా బాపు, ఆయన కలిసి అప్పటికి ఇరవై ఏండ్లు దాటింది. కాగితం మీద రాసుకున్న ఒప్పందం ఏదీ లేదు. బాపు ఆయనను తమ్మీ అనేవాడు, నేను కాకా అనేవాణ్ని. బంధుత్వం లేదు, కానీ మా అక్క పెండ్లికి వచ్చి ఆయన రెండు రోజులు వంటల దగ్గరే ఉన్నాడు.

ఆ యేడు బాపు మోకాళ్ల నొప్పితో దుకాణం నాకు అప్పజెప్పాడు. నాకు ఇరవై ఆరేండ్లు. రాఖీ పున్నమ అయినంక కాకకు మూడు వేల మీటర్లు చెప్పాను. సెప్టెంబర్ 15 కల్లా మాల్ కావాలన్నాను. అక్టోబర్ 6న దసరా. లంగాకు రెండు మీటర్ల లెక్కన పదిహేను వందల లంగాలు, కుట్టడానికి రెండు వారాలు. జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గరి ఒక సేటు అందులో వెయ్యి తనకే కావాలన్నాడు. లెక్క నాకు చాలా చక్కగా కనిపించింది.

బాపుకు ఒక అలవాటు ఉండేది. గడువుకు వారం ముందే కాకకు ఫోన్ చేసేవాడు. మాల్ ఊసు ఎత్తేవాడు కాదు. "తమ్మీ, మంచిగున్నరా? పిల్లలేం జేస్తున్నరు? వానలెట్లున్నయ్?" అని అడిగి, చివరికి, "సాంచాలు నడుస్తున్నయా?" అనేవాడు. అంతే, పెట్టేసేవాడు. పని లేని ముచ్చట అనుకునేవాణ్ని నేను. ఆ ఒక్క మాటలో ఎన్ని సంగతులు తెలుస్తాయో తర్వాత అర్థమైంది. నడుస్తున్నయి అంటే నూలు ఉంది, కార్మికుడు ఉన్నాడు, కరెంటు ఉంది అని. రెండు ఆగినయి అంటే ఎందుకో ఆయనే చెబుతాడు. అది తన మీద అనుమానంగా తోచదు, తన బాగోగులు అడిగినట్టే ఉంటుంది. ఇంకో సంగతి, ఫోన్‌లో ఆయన గొంతు వెనక సాంచాల చప్పుడు వినిపిస్తుంది. అది వినిపిస్తే పని నడుస్తున్నట్టే.

నేను ఆ వారం ముందటి ఫోన్ చేయలేదు. గడువు దాటిన తెల్లారి చేశాను. ఎత్తగానే, "కాకా, మాల్ ఏది?" అన్నాను.

అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. సాంచాల చప్పుడూ లేదు. "కరెంటు లేదు బిడ్డా," అన్నాడు చివరికి.

అది అబద్ధం కాదు. సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. బడులు, ఆఫీసులు మూతపడ్డాయి. సింగరేణిలో బొగ్గు తీయడం ఆగి కరెంటు కోతలు పెరిగాయి. 19 నుంచి ఆర్టీసీ బస్సులూ నిలిచాయి. మా దుకాణం ముందు రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు నేనూ గంటె పట్టుకొని నిలబడ్డాను. తెలంగాణ రావాలని గొంతు చించుకొని అరిచాను. లోపలికి వచ్చి మళ్లీ కాకకు ఫోన్ చేసి, సమ్మె సంగతి నాకు చెప్పొద్దన్నట్టు మాట్లాడాను. ఆ రెండూ ఒకే పూట ఎట్లా చేశానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాకు లోపల ఒక లెక్క తిరుగుతుండేది. సమ్మె మొదలైంది 13న, గడువు 15. మూడు వేల మీటర్లు రెండు రోజుల్లో నేసేవి కావు. 13 నాటికే చాలావరకు నేసి ఉండాలి. మరి ఆ బట్ట ఏది? లెక్క తప్పు కాదు. దాని నుంచి నేను తీసిన అర్థమే తప్పు. మా బట్ట ఇంకెవరికో ఎక్కువ ధరకు అమ్ముకున్నాడని అనుకున్నాను.

అప్పుడు చేశాను అసలు తప్పు. సిరిసిల్లలో మాకు ముఖపరిచయం ఉన్న ఇంకో యజమానికి ఫోన్ చేసి అడిగాను. "మా ఆసామి సాంచాలు నడుపుతున్నడా, బంద్ పెట్టిండా? మాల్ ఇస్తలేడు" అని. సరిగ్గా ఏ మాటలు వాడానో గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే మంచిదేమో. కానీ బంద్ అన్న మాట అన్నాను. అది మాత్రం ఖాయం.

ఆ రాత్రి అన్నం తింటూ బాపుతో ఆ సంగతి చెప్పాను. ఏదో తెలివైన పని చేసినట్టే చెప్పాను. బాపు చేతిలో ముద్ద ఆగిపోయింది. కోపం చేయలేదు. "ఆయనకు నూలు ఎవరిస్తరు?" అని అడిగాడు.

"నూలు సేటు. ఉద్దెర మీద."

"ఉద్దెర దేన్ని జూసి ఇస్తడు?"

నేను జవాబు చెప్పలేదు. చిన్న ఆసామికి ఆస్తి అంటే ఆ ఎనిమిది పాత సాంచాలే. వాటిని చూసి నూలు ఇవ్వరు. ఫలానా ఆయన మాల్ టైముకు పోతుంది, పైసలు తిరిగి వస్తాయి అన్న మాట మీద ఇస్తారు. మాల్ పది రోజులు ఆలస్యమైతే ఆ ఆసామి తట్టుకుంటాడు. మాల్ ఇస్తలేడట అన్న మాట బజారులో తిరిగితే తట్టుకోలేడు.

బాపు చేయి కడుక్కొని ఖాతా పుస్తకం తెమ్మన్నాడు. కాక పేజీ తీశాడు. "మనం ఈయనకెంతియ్యాలె?" అన్నాడు. కింద నా చేతిరాతే ఉంది. ఉగాది ముందు తెచ్చిన బట్టకు 41,500 బాకీ. మామూలుగా మేం నెలా నెలన్నరలో కట్టేవాళ్లం. అప్పటికి ఆరు నెలలు. పెండ్లిళ్ల సీజన్‌లో వచ్చిన పైసలతో నేను దుకాణంలో అద్దాల అల్మారాలు పెట్టించాను. కాక ఒక్కసారి కూడా అడగలేదు. అడగలేదు కాబట్టి అవసరం లేదనుకున్నాను.

"అడిగేటందుకు పోయేముందు ఇచ్చేది చూసుకోవాలె," అన్నాడు బాపు. ఇంట్లో, దుకాణంలో వెతికితే ఇరవై వేలు జమయ్యాయి. తెల్లారి నన్ను పొమ్మన్నాడు. రెండే చెప్పాడు. పైసలు ముందే ఇయ్యి, మాల్ మాట తర్వాత. ఆయన ఏ కారణం చెబితే ఆ కారణం ఒప్పుకో.

బస్సుల్లేవు కాబట్టి మోటార్ సైకిల్ మీద పోయాను. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్ల. దారి పొడుగునా టెంట్లు, పాటలు. రెండు చోట్ల ఆపి, ఎక్కడికి పోతున్నావని అడిగి వదిలారు. తేదీ 21 అనుకుంటాను, 22 కూడా కావచ్చు.

బి.వై. నగర్ గల్లీలోకి మలిగినప్పుడు భయమేసింది. అంతకుముందు ఎప్పుడు పోయినా ఆ గల్లీలో పక్క మనిషి మాట వినపడేది కాదు, ప్రతి ఇంట్లోంచి టకటకలే. ఆ రోజు ఎవరింట్లోనో పసిపిల్ల ఏడుపు గల్లీ చివరిదాకా వినిపించింది.

కాక షెడ్డు ముందు మంచం మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "అచ్చినవా కొడుకా, బాపు మోకాళ్లెట్లున్నయ్?" అన్నాడు. చిన్నమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. లోపలికి తీసుకుపోయాడు. ఎనిమిది సాంచాల మీదా భీములు ఎక్కి ఉన్నాయి. తెల్లటి పడుగు బిగుతుగా సాగి ఉంది, కొన్నింటి మీద జానెడో మూరెడో బట్ట నేసి ఆగి ఉంది. మా బట్టే. ఎవరికీ అమ్ముకోలేదు.

కరెంటు లేకపోవడం వల్ల ఆగిన షెడ్డుకూ నూలు లేక ఆగిన షెడ్డుకూ తేడా ఉంది. బాపు వెంట చిన్నప్పటి నుంచి తిరిగాను కాబట్టి నాకు తెలుసు. కరెంటు పోయి ఆగితే సాంచా పక్కన కండెల గంప నిండుగా ఉంటుంది, కరెంటు రాగానే నాడెలో వేసి మొదలుపెట్టడానికి. కండెలు చుట్టి లేకపోయినా, చుట్టే మిషన్ దగ్గర నూలు కోన్లయినా ఉంటాయి. అక్కడ గంపలో ఖాళీ కండెలే ఉన్నాయి, ఉత్త కట్టెల్లా. కోన్లు ఒక్కటీ లేవు. పడుగు ఉంది, పేక లేదు.

ఆ యేడు మొదట్లో పత్తి ధర, దాని వెంట నూలు ధర ఎన్నడూ లేనంత ఎక్కి, తర్వాత దిగిపోయాయి. ఎక్కిన ధర మీద ఉద్దెరకు నూలు కొన్న చిన్న ఆసాములు, బట్ట ధర పడిపోయాక ఆ బాకీ కింద చిక్కుకున్నారు. కాక కూడా అందులో ఒకడు. ఉన్న నూలంతా పడుగుకు పోయింది. పేకకు మళ్లీ సేటు దగ్గరికి పోతే పాత బాకీ అడుగుతున్నాడు. మేం ఇవ్వాల్సిన 41,500 వచ్చి ఉంటే ఆ గంప ఖాళీగా ఉండేది కాదు.

నేను గంప వైపు చూడటం కాక చూశాడు. "కరెంటు లేదు గద," అన్నాడు మళ్లీ, నేల చూస్తూ.

"అవును కాకా, మా దగ్గర కూడా గంటల కొద్దీ లేదు," అన్నాను. ఆ రోజుల్లో నేను సరిగ్గా మాట్లాడిన మొదటి మాట అదే. ఆ మాటా నా తెలివి కాదు, బాపు చెప్పి పంపిందే. కరెంటు అనేది ఊరందరి కష్టం, చెప్పుకోవచ్చు. నూలు ఇవ్వడం లేదన్నది ఇంటి గుట్టు. ఆ గుట్టు నేను విప్పితే ఆయన నా ముందు తల ఎత్తలేడు. తల ఎత్తలేని మనిషితో రేపటి వ్యాపారం ఎట్లా చేస్తాను?

జేబులోంచి పైసలు తీసి చేతిలో పెట్టాను. "ఉగాది బాకీల ఇరవై వేలు కాకా. ఆలస్యం చేసినం. మిగిలినయి దీపావళి లోపట ఇస్త." మాల్ మాట ఎత్తలేదు. ఆయన లెక్కపెట్టలేదు. ముడి వేసి లోపలికి పోయి, కొడుకును ఎక్కడికో పంపడం కిటికీలోంచి కనిపించింది. ఎక్కడికో నాకు తెలుసు. చాయ్ తాగి, గల్లీలో ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఆ పిల్లగాడు సైకిల్ క్యారేజీ మీద నూలు బస్తా కట్టుకొని వస్తున్నాడు. సగం పైసలు పాత బాకీ కిందికి పోయి, సగానికి ఒక బస్తా వచ్చింది.

అప్పుడు కాకే అడిగాడు. "నీకు ఎప్పటికి గావాలె, ఎంత గావాలె, సాఫ్ చెప్పు."

సుద్దముక్క తీసుకొని గోడ మీద ఇద్దరం లెక్క వేశాం. ఆ గోడంతా అట్లాంటి లెక్కలే, ఏండ్లవి. కరెంటు నిండుగా ఉంటే ఒక సాంచా పన్నెండు గంటల్లో ముప్పై అయిదు మీటర్ల దాకా నేస్తుంది. ఇప్పుడు ముక్కలు ముక్కలుగా కలిపి ఆరు గంటలు వస్తే గొప్ప. అంటే పదిహేడో పద్దెనిమిదో. ఎనిమిదింటికీ కలిపి రోజుకు 140. నెలాఖరుకు ఎనిమిది రోజులు, పదకొండు వందల మీటర్లు. ఆ ఒక్క బస్తా పేక కూడా దాదాపు అంతకే సరిపోతుంది. రంగు అద్దకానికి, ఎండటానికి రెండు రోజులు. అక్టోబర్ 2కు మా చేతికి. మూడు వేలు అన్న మాట ఆ గోడ ముందు నిలవలేదు.

"పదకొండు వందలు చాలు కాకా, మిగిలింది పండుగ తర్వాత తీసుకుంట," అన్నాను. పన్నెండు రంగులు చెప్పిన చోట నాలుగే చాలన్నాను. ఎర్ర, ఆకుపచ్చ, పసుపు, మెరూన్. రంగు మారినప్పుడల్లా తొట్టి కడగాలి, ఆ పూటంతా పోతుంది. దసరాకు ఎక్కువ పోయేవి ఎట్లాగూ ఆ నాలుగే. అద్దకం ఒక రోజులో ముగిసేలా కుదిరింది. మాల్ రావాలని తేదీ ఒక్కటే పట్టుకొని కూర్చున్నన్ని రోజులు ఇవేవీ నా బుర్రకు తట్టలేదు.

తిరుగు దారిలో జగిత్యాల పోయాను. అక్కడ నేనే ఆలస్యం చేసినవాణ్ని. సేటు అడిగేదాకా ఆగకుండా నేనే చెప్పాను, వెయ్యి కాదు, అయిదు వందలే ఇవ్వగలను, అదీ మూడో తారీకుకు అని. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ముందుగాల చెప్పినవు, మంచిది. మిగిలినయి వేరే కాడ చూసుకుంట," అన్నాడు. ఆ అయిదు వందల లంగాల వ్యాపారం ఆ రోజు పోయింది, మళ్లీ రాలేదు. కానీ దీపావళికి ఆయనే ఫోన్ చేసి ఇంకో ఆర్డర్ చెప్పాడు.

బట్ట రెండో తారీకు రాత్రి ఆటో ట్రాలీలో వచ్చింది. కోరుట్లలో ఆరిండ్లలో ఆడవాళ్లు బీడీల చాటలు పక్కన పెట్టి, కరెంటు లేని రాత్రి కందిలి పెట్టుకొని కుట్టారు. బతుకమ్మ పాట బయట వినిపిస్తుండగా మా అమ్మ గుండీలు కుట్టిందో, నాడాలు ఎక్కించిందో. నాడాలే అయి ఉంటాయి, లంగాకు గుండీ ఎక్కడిది. జ్ఞాపకం ఇట్లాగే ఇంకెక్కడిదో ముక్క తెచ్చి అతికిస్తుంది. మిగిలిన బట్ట సమ్మె ఆగినంక వచ్చింది. మరుసటి ఫిబ్రవరిలో మేడారం జాతర దాకా కొంచెం కొంచెంగా అమ్ముకున్నాం. ఆ సీజన్‌లో మాకు లాభం లేదు.

కాక నన్ను ఏమీ అనలేదు. ఆ యేడూ అనలేదు, ఆ తర్వాతా. 2016 దసరా నాడు జగిత్యాల, సిరిసిల్ల వేరు వేరు జిల్లాలయ్యాయి. పండుగ పలకరింపుకు పోతే, "ఇగ మీది వేరే జిల్లా, మాది వేరే జిల్లా," అని నవ్వాడు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్ సిరిసిల్లకు వచ్చి సాంచాలన్నీ అటు తిరిగాయి. అప్పుడూ రెండు సాంచాలు మా లంగా బట్టకే ఉంచాడు. కృతజ్ఞతలు చెప్పబోతే ఆపాడు. కాసేపాగి, చాలా మామూలుగా, "అప్పుడు నన్నే అడిగి ఉంటే అయిపోవు గదరా. వాళ్లనెందుకు అడిగినవు?" అన్నాడు.

ఆరేండ్లు దాచుకున్న మాట. తెలుసని నాకు తెలియదు. ఆ ఫోన్ తర్వాత నూలు సేటు ఆయన్ను షాపులో నలుగురి ముందు నిలబెట్టి అడిగాడట. నేను పోయి పైసలు ఇచ్చింది ఆ మరుసటి రోజు. తప్పయింది కాకా అన్నాను. పోనీ అన్నాడు. ఆయన పోనిచ్చాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం పోనివ్వలేదు. అప్పటి నుంచి ఎవరి మాల్ ఎంత ఆలస్యమైనా వాళ్లనే అడుగుతాను, వాళ్ల గురించి ఇంకొకరిని అడగను. ఫోన్ చేసే ముందు ఖాతా పుస్తకంలో వాళ్ల పేజీ తీసి చూస్తాను.

బాపు లేడు. కాక కూడా లేడు. అప్పుడు సైకిల్ మీద నూలు బస్తా తెచ్చిన పిల్లగాడే ఇప్పుడు సాంచాలు నడుపుతున్నాడు. నన్ను అన్నా అంటాడు. మా దుకాణంలో నా కొడుకు కూర్చుంటున్నాడు. మొన్న శ్రావణంలో ఒక మాల్ రావాల్సి ఉంటే వాడు వాట్సాప్‌లో ఒక ప్రశ్నార్థకం గుర్తు పంపి, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదని విసుక్కున్నాడు. ఫోన్ నా చేతికి తీసుకొని నేనే చేద్దామని నంబర్ వెతుకుతుంటే అవతలి నుంచే మోగింది.

"అన్నా, పనిల ఉండి చూడలే. పదిహేనుకు అన్న గద, మూడు రోజులు జరుగుతది. ఒక కార్మికుడు ఊరికి పోయిండు. ముందే చెబుదామని చేసిన."

గడువుకు ఇంకా అయిదు రోజులుంది. అతని గొంతు సగమే వినిపిస్తోంది, వెనక టకటకలు. నేను స్పీకర్ పెట్టి ఫోన్ కొడుకు చెవి దగ్గర ఉంచాను.